పెరుగన్నం మీద చేసిన తీర్మానం వెనక్కి తీసుకోండి



పోయిన ఆదివారం కమిటీ మీటింగులో ఒక తీర్మానం పాసైంది. ఇకమీదట సంఘం బస్సు యాత్రల్లోనూ పిల్లల పోటీల రోజునా మధ్యాహ్నం డబ్బాల్లో పెరుగన్నం ఉండదట. దాని బదులు ఫ్రైడ్ రైస్ పెడతారట. కారణం అందరికీ తెలిసిందే. ఏప్రిల్లో మదురై నుంచి పాంచాలంకురిచ్చి పోయినప్పుడు అరవై డబ్బాల పెరుగన్నం పులిసిపోయింది. పిల్లలు నోట్లో పెట్టి ఉమ్మేశారు. పెద్దవాళ్ళు ఊరగాయ నంజుకుని ఎలాగో నాలుగు ముద్దలు మింగారు. మిగిలిందంతా రోడ్డు పక్కన మేకలు తిన్నాయి. అక్కడిదాకా జరిగింది నిజమే, మేమూ ఆ బస్సులో ఉన్నాం.

కానీ దాని మీద కమిటీ తేల్చిన మాట, "పెరుగన్నం ఎండాకాలంలో ఆగదు, అది దాని గుణం" అన్నది, తప్పు. మీటింగులో మాకు దొరికింది మూడు నిమిషాలు. అందులో ఒక నిమిషం మైకు పని చేయలేదు. అందుకే ఇక్కడ పొడుగ్గా రాస్తున్నాం. మేము చదివింది తమిళ మీడియంలో. తెలుగు అక్షరాలు ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్నవి. భాష ఎక్కడైనా అటూ ఇటూ ఉంటే సర్దుకుని చదవండి. మేము అంటే ఇంట్లో ఇద్దరం. ఒకరు ముప్పై ఏళ్ళకు పైగా తెల్లవారుజామున డబ్బా కట్టినవాళ్ళు, ఇంకొకరు ఆ డబ్బా పట్టుకుని రైల్వే బుకింగ్ కౌంటర్‌కు పోయి తిన్నవాళ్ళు. ఆ కౌంటర్లో ఫ్రిజ్ లేదు. ఏసీ వచ్చింది చివరి కాలంలో. మదురై మే నెల ఎట్లా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. అన్నేళ్ళలో పులిసిందని పారబోసిన డబ్బాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఏప్రిల్లో ఏం జరిగిందో ముందు చూద్దాం. వంటాయన్ని మేము అడిగి తెలుసుకున్నాం. ఆయన మీద కోపం లేదు, ఆయన తనకు తెలిసిన పద్ధతిలో చేశాడు. రాత్రి మూడున్నరకు అన్నం వండాడు. నాలుగున్నరకు, అన్నం ఇంకా పొగలు కక్కుతుండగానే, బకెట్ నిండా గట్టి పెరుగు పోసి కలిపాడు. ఐదింటికి మూతలు పెట్టాడు. "చల్లారకుండా ఉంటుంది" అని డబ్బాలన్నీ రెండు పెద్ద హాట్‌కేసుల్లో పేర్చి బస్సు డిక్కీలో పెట్టారు. తిన్నది ఒకటిన్నరకు. అంటే కలిపిన తరువాత తొమ్మిది గంటలు.

ఇందులో పెరుగన్నం చేసిన తప్పు ఒక్కటైనా ఉందా? పెరుగుకు ఏం చేస్తే త్వరగా పులుస్తుందో అవన్నీ వరుసగా చేసి, చివరికి నేరం పెరుగు మీద వేశాం.

పెరుగు అంటే ఏమిటి? పాలలో ఉండే చక్కెరను కంటికి కనబడని సూక్ష్మజీవులు తిని పులుపుగా మారుస్తాయి. ఆ పులుపు ఒక హద్దుకు రాగానే పాలు గడ్డకడతాయి. ఆ క్షణాన తింటే కమ్మటి పెరుగు. కానీ ఆ సూక్ష్మజీవులు అక్కడ పని ఆపవు. వాటికి పదవీ విరమణ లేదు. వెచ్చదనం ఉన్నంతసేపు, చక్కెర మిగిలి ఉన్నంతసేపు, అవి పులుపు చేస్తూనే ఉంటాయి. దాదాపు 40 డిగ్రీల దగ్గర అవి బాగా చురుగ్గా ఉంటాయి. ఫ్రిజ్ చలికి దాదాపు నిద్రపోతాయి. పొగలు కక్కే వేడిలో చచ్చిపోతాయి.

ఇప్పుడు గట్టి పెరుగు పోసి కలిపిన అన్నాన్ని చూడండి. అది ఉదయం ఐదింటికే పెరుగు. అంటే ప్రయాణం మొదలయ్యేసరికే చేరాల్సిన స్టేషన్‌లో ఉంది. ఆ తరువాత గడిచే ప్రతి గంటా దాన్ని ఊరు దాటించి తీసుకుపోతుంది. గుళ్ళో దద్దోజనం, హోటల్లో తైర్ సాదం ఆ పద్ధతిలో చేస్తే బాగుంటాయి, ఎందుకంటే కలిపిన కాసేపటికే తింటాం. డబ్బాకు ఆ పద్ధతి పనికిరాదు. డబ్బాకు కావలసింది, పొద్దున మూత పెట్టేటప్పుడు పాలన్నంగా ఉండి, మధ్యాహ్నం మూత తీసేటప్పటికి పెరుగన్నం అయ్యేది.

ఇది మేము కనిపెట్టింది కాదు. మన పెద్దమ్మలు, అవ్వలు అందరూ ఇట్లాగే చేశారు. అన్నంలో పాలు పోసి, చల్లారాక కాస్త తోడు వేసి కట్టేవాళ్ళు. తోడును కొందరు చేమిరి అంటారు, మన పక్కింటి తమిళవాళ్ళు ఉరై అంటారు. మన పిల్లలకు ఉరై తెలుసు, చేమిరి తెలియదు. అది వేరే గొడవ, ఇంకో రోజు రాస్తాం.

మా ఇంటి కొలత చెబుతాం. ఒక టంబ్లర్ బియ్యం, ఇద్దరికి చాలుతుంది. టంబ్లర్ అంటే రెండు వందల మిల్లీలీటర్లు పట్టేది. పాత బియ్యమైతే నాలుగు టంబ్లర్ల నీళ్ళు పోసి కుక్కర్లో మెత్తగా వండాలి. దింపిన వెంటనే గరిటె వెనక వైపుతో మెదపాలి. వేడిగా ఉన్నప్పుడు మెదిగినట్టు చల్లారాక మెదగదు, పలుకులు పలుకులుగా నిలబడుతుంది. అప్పుడే కాచిన పాలు రెండు టంబ్లర్లు పోసి కలపాలి. చూస్తే చాలా పలచగా, జావలాగా ఉంటుంది. భయపడొద్దు. అన్నం ఆ పాలను పీల్చుకుంటుంది. పొద్దున సరిగ్గా ఉన్నట్టు కనిపించే పెరుగన్నం మధ్యాహ్నానికి ఇటుక అవుతుంది. పొద్దున జారుడుగా ఉండేదే మధ్యాహ్నం సరిగ్గా ఉంటుంది.

పాలు ప్యాకెట్‌వైనా సరే, కాచినవే కావాలి. అన్నం వండింది ఆ పొద్దునే అయ్యుండాలి. రాత్రి మిగిలి వంటింట్లో బయట ఉండిపోయిన అన్నాన్ని పాలు పోసి డబ్బాకు వాడొద్దు. ఎందుకో కింద చెబుతాం.

ఇక చల్లార్చడం. ఇక్కడే అందరూ తొందరపడతారు. వెడల్పాటి పళ్ళెంలో పరిచి ఫ్యాను కింద పెడితే పావుగంటలో పని అయిపోతుంది. గిన్నెలోనే ఉంచితే పైన చల్లగా ఉంటుంది, నడుమ ఇంకా కాలుతూ ఉంటుంది. నడుమ వేలు పెట్టి చూడాలి. వేలికి వెచ్చగా తగిలీ తగలనట్టు ఉంటే సరి. అప్పుడు తోడు వేయాలి. ఎండాకాలంలో ఆరు గంటల తరువాత తినేదైతే ఈ రెండు టంబ్లర్ల పాలకు ఒక చిన్న చెంచా పెరుగు, కాఫీలో చక్కెర వేసుకునే చెంచా, అంతే. డిసెంబరు, జనవరిలో పెద్ద చెంచా. ఆ పెరుగు రాత్రి తోడుకుని ఫ్రిజ్‌లో ఉన్న కమ్మటిది కావాలి. మూడు రోజుల పుల్ల పెరుగు వేస్తే, దాని పులుపూ దాని పుల్లటి బుద్ధీ రెండూ అన్నంలోకి వస్తాయి. తోడు వేశాక అడుగు నుంచి బాగా కలపాలి, లేకపోతే ఒక మూల పెరుగు, ఒక మూల పాలు. ఉప్పు కూడా చల్లారాకే, కాస్త తక్కువగా.

తిరగమోత సంగతి. ఆవాలు, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, ఇంగువ నూనెలో తడి పోయేదాకా వేయించి, అది కూడా చల్లారాకే కలపాలి. కడిగిన కరివేపాకు నీళ్ళు కారుతుండగా పచ్చిగా వేయొద్దు. పచ్చి ఉల్లిపాయ, కీరకాయ, కొత్తిమీర అన్నంలో కలపొద్దు. అవి నీళ్ళు వదులుతాయి, కొత్త క్రిములను తెస్తాయి. కావాలంటే వేరే చిన్న గిన్నెలో కట్టుకుని తినేటప్పుడు వేసుకోండి.

ఇప్పుడు అసలు లెక్క. ఎంత తోడు వేయాలన్నది వంటింటి ప్రశ్న కాదు, ఎన్నింటికి తింటారన్నది ప్రశ్న. మా డ్యూటీలు మారేవి. పొద్దున ఆరు నుంచి రెండు దాకా ఒక షిఫ్టు, రెండు నుంచి రాత్రి పది దాకా ఒక షిఫ్టు, రాత్రంతా ఒక షిఫ్టు. పొద్దున షిఫ్టులో ఐదింటికి డబ్బా కడితే పదకొండుకు తినేవాళ్ళం. అది ఆరు గంటలు, చిన్న చెంచా. రెండింటి షిఫ్టుకు ఒంటిగంటకు కట్టి రాత్రి ఏడున్నరకు తినేది కూడా అంతే, కానీ మధ్యాహ్నం ఎండలో పోయే డబ్బా కాబట్టి అన్నాన్ని ఇంకా బాగా చల్లార్చి కట్టేది మా ఇంటావిడ. పిల్లలు బడికి పోయి పదిన్నరకే తినేస్తారనుకోండి, ఏడింటికి కట్టితే మూడున్నర గంటలే. అప్పుడు చిన్న చెంచా వేస్తే డబ్బాలో ఇంకా పాలన్నమే ఉంటుంది. వాళ్ళకు అర టంబ్లర్ పెరుగు, ఒకటిన్నర టంబ్లర్ పాలు. ఒకే ఇంట్లో ఒకే రోజు రెండు డబ్బాలకు రెండు కొలతలు. బస్సు యాత్రకు కొలత ఎవరు అడిగారు? ఎన్నింటికి తింటామో వంటాయనకు ఎవరైనా చెప్పారా? మేము ఆయన్ని అడిగాం. ఎవరూ చెప్పలేదట.

హాట్‌కేసు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని కొన్నది సంఘం డబ్బుతో, మెచ్చుకుంటూ ఫోటో పెట్టింది ఇక్కడే. హాట్‌కేసు సాంబారుకు మంచిది, ఇడ్లీకి మంచిది. పెరుగన్నానికి అంతకంటే శత్రువు లేదు. లోపల పెట్టింది గోరువెచ్చగా ఉంటే దాన్ని గంటల తరబడి గోరువెచ్చగానే ఉంచుతుంది. ఇంట్లో పెరుగు త్వరగా తోడుకోవాలంటే మనం గిన్నెను దుప్పటిలో చుట్టి పెడతాం కదా, ఇదీ అదే పని. మామూలు స్టీలు డబ్బా తన వేడిని బయటికి వదిలేస్తుంది. అదే మనకు కావలసింది.

ఇదంతా నోటిమాట అనుకునేవాళ్ళు ఉంటారని, తీర్మానం పాసైన మర్నాడే మేము ఇంట్లో నాలుగు డబ్బాలు కట్టి చూశాం. ఒకే కుక్కర్ అన్నం, ఒకే ప్యాకెట్ పాలు. ఆరున్నరకు మూతలు పెట్టాం, పన్నెండున్నరకు తీశాం. వంటింటి గోడ మీది థర్మామీటర్ మధ్యాహ్నం 36 చూపింది. మొదటిది వంటాయన పద్ధతి, వేడన్నంలో అచ్చంగా పెరుగు, హాట్‌కేసులో. మూత తీయగానే పుల్లటి వాసన. అన్నం ఒక పక్క, పచ్చగా నీళ్ళు ఒక పక్క. అంత వేడి అన్నంలో పెరుగు పోస్తే అది విరిగిపోతుంది, ఆ నీళ్ళు అవే. రెండోది పాలు, చిన్న చెంచా తోడు, స్టీలు డబ్బా, నీడలో. అంచులు అన్నం మీద వణికేలా తోడుకుని ఉంది, పులుపు నాలుక చివరకు తెలిసీ తెలియనట్టు. మూడోది కూడా అదే కొలత, కానీ హాట్‌కేసులో. తినొచ్చు, కానీ పులుపు బాగా తెలిసింది, రెండోదానికంటే రెండు గంటలు ముందుకు పోయినట్టు. అంటే ఒక్క హాట్‌కేసు తీసేస్తేనే ఎంత తేడా ఉందో చూడండి.

నాలుగో డబ్బా పాలన్నం, తోడు అసలు లేకుండా. దాని మూత తీసి వాసన చూశాం. ఏ వాసనా లేదు. పులుపు లేదు. చూడడానికి అన్నిటికంటే తెల్లగా, అందంగా ఉంది. దాన్ని రుచి చూడకుండానే పారబోశాం.

ఎందుకని అడుగుతారు. మీటింగులో ఒక తమ్ముడు, మాకు మేనల్లుడి వరస, లేచి అన్నాడు: "మామా, పెరుగే కదా పులుస్తోంది, అసలు పెరుగు వేయకుండా పాలన్నం కట్టి, పెరుగు ప్యాకెట్ విడిగా ఇద్దాం." చప్పట్లు కూడా పడ్డాయి. మాకు ఆ మాట విన్నప్పుడే గుండె జల్లుమంది. ఫ్రైడ్ రైస్ కంటే ఆ సలహాయే మమ్మల్ని ఇంత రాయించింది.

పులవకపోవడం వేరు, పాడవకపోవడం వేరు. బియ్యంలో ఒక రకం క్రిమి ఉంటుంది, బాసిల్లస్ సీరియస్ అంటారు. అది ఎండిన గింజలాగా ముడుచుకుని ఉంటుంది. ఆ గింజ అన్నం ఉడికినా చావదు. అన్నం వండి వెచ్చగా గంటల తరబడి వదిలేస్తే అది మొలకెత్తి పెరుగుతుంది, విషం వదులుతుంది. వాంతులు తెప్పించే ఆ విషానికి పులుపు వాసన ఉండదు, రంగు ఉండదు. మళ్ళీ వేడి చేసినా అది పోదు. ఇట్లాంటివాటికి వెచ్చటి పాలన్నం పండగ భోజనం. వాటిని అణిచిపెట్టేది ఏమిటి? తోడులోని సూక్ష్మజీవులు చేసే పులుపే. అవి త్వరగా పెరిగి, చోటు ఆక్రమించి, అన్నాన్ని పుల్లగా మార్చి మిగతావాటికి కష్టం చేస్తాయి. మన అవ్వలకు క్రిమి పేరు తెలియదు, కానీ తోడు వేయని పాలన్నం పొద్దుటి నుంచి మధ్యాహ్నానికి ఎవరూ కట్టలేదు. పులుపు మనకు కాపలావాడు. వాడు మరీ ముందు వస్తే గొడవ చేస్తాడు, మరీ ఆలస్యంగా వస్తే ఇల్లు దోపిడీ అయిపోతుంది.

అందుకే తోడు తగ్గించడానికి కూడా ఒక హద్దు ఉంది. పది గంటల తరువాత తింటాం కదా అని పావు చెంచా వేస్తే సరిపోతుందనుకోవద్దు. రెండు టంబ్లర్ల పాలకు చిన్న చెంచా కంటే కిందికి మేము ఎప్పుడూ పోలేదు. ఎండాకాలంలో ఏడు గంటలు దాటితే తోడు తగ్గించకండి, వండే వేళను వెనక్కి జరపండి. అదీ కుదరకపోతే పెరుగన్నం వదిలేసి పులిహోర కట్టండి. రాత్రి రైలెక్కి మర్నాడు మధ్యాహ్నం తినాల్సిన వాళ్ళకు మేము పెరుగన్నం చెప్పం. పసిపిల్లలకూ జబ్బుతో ఉన్నవాళ్ళకూ అప్పుడే కలిపింది పెట్టండి, డబ్బాది వద్దు.

అదే వేడి పొగల్లో తోడు వేసేవాళ్ళకూ వర్తిస్తుంది. కొందరు "వేడిలో వేస్తే పులవదు" అని గొప్పగా చెబుతారు. పులవదు, నిజమే. తోడు చచ్చిపోయింది కాబట్టి పులవదు. అది పేరుకు పెరుగన్నం, పనికి మా నాలుగో డబ్బా.

"మరి తిన్నది బాగుందో లేదో ఎట్లా తెలుసు?" అని ఒక అక్కయ్య అడిగారు. ఒట్టి పులుపుంటే అది పాడైనట్టు కాదు, రుచి పోయినట్టు. కాసిన్ని చల్లటి పాలు కలిపితే సర్దుకుంటుంది. కానీ మూత తీయగానే బుస్సుమని గాలి వచ్చినా, అన్నంలో బుడగలు కనిపించినా, చెంచా ఎత్తితే తీగలు సాగినా, చేదు తగిలినా పారబోయాలి. ఆరు గంటల తరువాత కూడా ఏమాత్రం తోడుకోకుండా పాలు పాలుగానే ఉంటే దాన్నీ పారబోయండి. చాలామంది అది చూసి సంతోషిస్తారు, మేము భయపడతాం.

కొందరు చద్దన్నం మాట ఎత్తారు. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచి పొద్దున తినేది, తమిళంలో పళయ సోరు. అది కావాలని పులవబెట్టేది, పులుపు కోసమే తినేది. దాని దారి వేరు. దాన్ని చూపించి రాత్రి అన్నంలో పొద్దున పాలు పోసి డబ్బా కట్టడం సరి అనడం కుదరదు.

డబ్బా ఎక్కడ ఉంటుందన్నది కూడా చిన్న విషయం కాదు. స్కూటర్ డిక్కీలో, సీటు కింద, మిట్టమధ్యాహ్నం ఎంత వేడి ఉంటుందో చెయ్యి పెట్టి చూడండి. కౌంటర్లో మేము డబ్బాను తడి తుండుగుడ్డలో చుట్టి, గాలి తగిలే కిటికీ పక్కన నేల మీద పెట్టేవాళ్ళం. గుడ్డలోని నీరు ఆరుతూ డబ్బాను చల్లబరుస్తుంది, మట్టి కుండ నీళ్ళను చల్లబరిచినట్టు. మదురై, కోవిల్‌పట్టి లాంటి పొడి గాలి ఊళ్ళలో ఇది బాగా పని చేస్తుంది. చెన్నైలో, యానాంలో, సముద్రపు తేమ గాలిలో గుడ్డ ఆరదు కాబట్టి అంత లాభం ఉండదు. అక్కడివాళ్ళు నీడనే నమ్ముకోవాలి. అల్యూమినియం డబ్బా వాడకండి, పులుపు దాన్ని తింటుంది. మూత రబ్బరులో నిన్నటి పెరుగు అంటుకుని ఉంటే ఈనాటి అన్నానికి అదే తోడు. రబ్బరు ఊడదీసి కడిగి, వేడినీళ్ళు పోసి ఆరబెట్టండి.

ఇక సంఘం యాత్ర సంగతికి వద్దాం. అరవై మందికి ఎట్లా అని అడుగుతున్నారు కదా, లెక్క వేశాం. మనిషికి అర టంబ్లర్ బియ్యం చొప్పున ముప్పై టంబ్లర్లు, అంటే సుమారు ఐదు కిలోలు. పాలు పన్నెండు లీటర్లు. తోడు ముప్పై చిన్న చెంచాలు, అంటే టంబ్లర్‌లో మూడు వంతులు. ఏప్రిల్లో బకెట్ పోశారు, చాలింది టంబ్లర్ కూడా నిండనంత. ఎక్కువ మోతాదులో కష్టమంతా చల్లార్చడంలో ఉంది. పెద్ద గుండిగలో కలిపిన అన్నం నడుమ రెండు మూడు గంటలైనా వేడి వదలదు. పెళ్ళి మండపాల్లో అన్నం ఆరబోసే వెడల్పు పళ్ళాలు నాలుగు అద్దెకు తెచ్చుకుని, నాలుగు వేళ్ళ మందం మించకుండా పరచాలి. రెండు స్టాండు ఫ్యాన్లు చాలు. పాలన్నం వేలికి వెచ్చగా మాత్రమే తగిలినప్పుడు పళ్ళానికి ఇన్ని చెంచాలని విడివిడిగా తోడు కలపాలి. మొత్తానికి ఒకేసారి వేస్తే సమంగా కలవదు.

వేళలు ఇట్లా పెట్టుకోవచ్చు. వంట మూడున్నరకు అక్కర్లేదు. ఐదింటికి పొయ్యి వెలిగిస్తే ఆరుకు అన్నం, ఆరున్నరకు చల్లార్చి తోడు, ఏడింటికి డబ్బాలు, ఏడుంపావుకు బస్సు. ఎట్టయాపురంలో కాస్త ఆగి పోయినా పదకొండులోపే పాంచాలంకురిచ్చి చేరతాం. కోట చూసి పన్నెండున్నరకు కూర్చుంటే సరిగ్గా ఆరు గంటలు. ఏప్రిల్లో లాగా ఉపన్యాసాలు ఒకటిన్నర దాకా సాగదీస్తే మళ్ళీ పులుస్తుంది, ఆ పులుపుకు వంటాయన్ని అడగొద్దు, మైకు పట్టుకున్నవాళ్ళను అడగండి. డబ్బాలు డిక్కీలో కాకుండా బస్సు లోపల, ఎండ పడని వైపు సీట్ల కింద పెట్టాలి. ఆ పూట హాట్‌కేసులు సంఘం ఆఫీసులోనే ఉండనివ్వండి.

ఫ్రైడ్ రైస్ గురించి ఒక మాట. అది పులవదు కాబట్టి భద్రం అని తీర్మానంలో రాశారు. అదీ అన్నమే, అందులో కూరగాయలు ఉన్నాయి, కాపలాకు పులుపు లేదు. దాన్ని తెల్లవారుజామున చేసి, వెచ్చటి డబ్బాలో మూసి, తొమ్మిది గంటల తరువాత తినిపిస్తే ఏమవుతుందో పైన నాలుగో డబ్బా గురించి రాసింది మళ్ళీ చదవండి. పెరుగన్నం తప్పు చేస్తే ముఖం మీదే చెబుతుంది, నోట్లో పెట్టగానే తెలుస్తుంది. ఇది చెప్పదు.

మేము అడిగేది ఇంతే. తీర్మానాన్ని వచ్చే మీటింగు దాకా ఆపండి. ఆ రోజు పొద్దున ఆరున్నరకు మా ఇంట్లో పది డబ్బాలు కట్టి, ఆటోలో తెచ్చి, ఫ్రిజ్ లేని మన హాల్లోనే బల్ల మీద పెడతాం. పన్నెండున్నరకు కమిటీవాళ్ళే మూతలు తీయండి. ఊరగాయ మేము తేము, నంజుకోవడానికి ఏమీ లేకుండా తిని చెప్పండి. పాలన్నం సలహా ఇచ్చిన మా మేనల్లుడికి మొదటి డబ్బా.